ఆరబెడితే తగ్గిన 70 టన్నులు: స్టాకు స్టేట్‌మెంట్‌లో ఉన్నట్టే చూపించమంటున్నారు

మండపేట లెక్కలు
మిల్లు అకౌంట్స్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఇది ప్రైవేట్ లిమిటెడ్ రైస్ మిల్లు. దాళ్వాలో మిషన్ కోత ధాన్యం 1,000 టన్నులు సొంతంగా కొన్నారు. తేమ రిజిస్టరులో సగటు 20 శాతం ఉంది. కొనుగోలు మేనేజరు గారు తేమ కోత వెయ్యకుండా అంతా క్వింటాలు రూ. 2,369 మద్దతు ధరకే తీసుకున్నారు. డ్రయ్యర్‌లో 14 శాతానికి ఆరబెట్టాక కాటా వేస్తే 930 టన్నులు తేలింది. పుస్తకంలో మాత్రం ఇంకా 1,000 టన్నులే ఉంది.

ఇప్పుడు ఆయన రెండు పనులు చెయ్యమంటున్నారు. 10వ తారీఖున బ్యాంకుకి వెళ్లే స్టాకు స్టేట్‌మెంట్‌లో 1,000 టన్నులు చూపించాలి. తేమ రిజిస్టరు కొత్తగా రాసి, 20 ఉన్నచోట మద్దతు ధరకి హద్దయిన 17 పెట్టాలి. "సీజను అయ్యేసరికి అదే సర్దుకుంటుంది" అంటారు. స్టాకు తాకట్టు మీద బ్యాంకు ఇచ్చే సీసీ లిమిట్ 2 కోట్లు, వాడకం 1.70 కోట్లు, మార్జిన్ 25 శాతం. ఈ పని చేస్తే నా మీదకి ఎంతవరకు వస్తుంది? చెయ్యకపోతే ఏం చెప్పాలి?

కాటా బాబు
దీనికి అంత కంగారు ఎందుకండీ. ఏ మిల్లులోనైనా నెలాఖరు స్టేట్‌మెంటులో కొంచెం అటూఇటూ ఉంటుంది, ఆ సంగతి బ్యాంకు వాళ్లకీ తెలుసు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన బస్తాల నెట్ల చుట్టూ తిరిగి, వరసలు లెక్కపెట్టి సంతకం పెట్టేస్తాడు. బస్తాకి 75 బదులు 70 కిలోలు ఎత్తిస్తే 13,333 బస్తాలు అలాగే కనిపిస్తాయి. మీరు గుమాస్తా, చెప్పింది రాశారు అంతే.

రామచంద్రపురం సీయే
కాటా బాబు గారు చెప్పింది ఇన్‌స్పెక్షన్ రోజు వరకు నిజమే. ఆ రోజు గడుస్తుంది. దొరికేది తర్వాత, మర ఆడించినప్పుడు.

ముందు తగ్గుదల లెక్క చూద్దాం. ఆరబెడితే పోయేది నీరే, గింజలో ఎండు పదార్థం పోదు. అందుకని సూత్రం ఇది:

```
ఆరాక బరువు = 1000 × (100 − 20) ÷ (100 − 14) = 930.2 టన్నులు
```

అంటే 69.8 టన్నుల తగ్గుదలకి పూర్తి కారణం మీ తేమ రిజిస్టరులోనే ఉంది. ఒక్క బస్తా కూడా దొంగతనం కాలేదు.

రిజిస్టరులో 20ని 17 చేశారనుకోండి. అదే సూత్రంలో 83 పెడితే 965.1 వస్తుంది. అప్పుడు తేమ వల్ల తగ్గిందని చెప్పగలిగేది 34.9 టన్నులే. మిగతా 34.9 టన్నులకి, అంటే 349 క్వింటాళ్లకి, కాగితం మీద ఏ కారణమూ ఉండదు. మేనేజరు గారి తప్పు కప్పడానికి దిద్దిన రిజిస్టరే 465 బస్తాలు ఎవరో అమ్ముకున్నారని చెబుతుంది. అప్పుడు స్టాకు పుస్తకం ఎవరు రాశారని అడుగుతారు. ఆ రాసింది మీరు.

కాటా బాబు
ఆ తేడా బియ్యంలో కలిసిపోతుంది కదండీ. నూక, తవుడు, ఊక కింద చూపిస్తారు.

రామచంద్రపురం సీయే
చూపించలేరు, ఎందుకో చెబుతాను. పచ్చి బియ్యానికి 100 కిలోల ధాన్యానికి 67 కిలోలు దిగుబడి అనేది ప్రభుత్వ ధాన్యం మర ఆడించడానికి పెట్టిన లెక్క. స్టాకు ఆడిటరు చేతిలో ఉండే కొలబద్దా అదే. పుస్తకంలో 1,000 టన్నులు ఉంటే 670 టన్నుల బియ్యం రావాలి. మర నిజంగా తిన్నది 930.2 టన్నులు కాబట్టి వచ్చేది 623 టన్నులే. దిగుబడి 62.3కి పడిపోయిందన్నమాట. అదే మిల్లు, అదే మర, పోయిన సీజనులో 67 ఇచ్చింది. బ్యాంకు స్టాకు ఆడిటరు రెండు సీజన్ల దిగుబడి పక్కపక్కన పెడతాడు. ఆ పడిపోవడాన్ని తవుడు కిందో ఊక కిందో రాస్తే తవుడు అమ్మిన బిల్లులు, కరెంటు యూనిట్లు దానికి సరిపోవాలి. 47 టన్నుల తవుడు అమ్మకుండా అమ్మినట్టు బిల్లు రాస్తే అది వేరే కథ, జీఎస్టీ దాకా పోతుంది.

బస్తాకి 70 కిలోలు ఎత్తించడం గురించి ఒక మాట. బరువు చూడాలనుకున్న ఆడిటరు పది బస్తాలు ఏరి కాటా మీద పెట్టిస్తాడు, అంతే. పదింటికి పదీ 69, 70 చూపిస్తే ఇక మాటలు అక్కర్లేదు. పైగా ఎత్తించేటప్పుడు జట్టు మేస్త్రీకి, కళాసీలకి సంగతి తెలుస్తుంది. వాళ్ల కూలి బస్తా లెక్కన కాబట్టి వాళ్ల చిట్టాలోనూ ఉంటుంది.

ఉండి చెరువు
మా రొయ్యల దగ్గర కూడా ఇదే గోల. పట్టుబడి రోజు చెరువు గట్టు మీద 40 కౌంట్ వస్తే కంపెనీ సూపర్‌వైజరు 45 రాయమంటాడు, మిగిలింది వాళ్లలో వాళ్లు పంచుకుంటారు. ఐసు నీళ్లు కారకముందే తూకం వేసి ఆ బరువు రాయమంటారు. రాయకపోతే వచ్చే పట్టుబడికి పిలవరు. దీనికి ఎవరికి కంప్లయింట్ ఇవ్వాలి?

పాలకొల్లు పెద్దాయన
నాయనా, అది కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య తూకం తగాదా. ఇక్కడ బ్యాంకుకి ఇచ్చే కాగితం మాట నడుస్తోంది. మీది వేరే చర్చ పెట్టు, అక్కడ చెబుతాం.

అసలు విషయానికొస్తే, సీయే గారు ఒకటి వదిలేశారు. ఇలాంటప్పుడు మిల్లుల్లో చేసే మూడో పని ఇంకా ప్రమాదం. ఇన్‌స్పెక్షన్ రోజున పౌర సరఫరాల సంస్థ మర ఆడించడానికి పంపిన ధాన్యం పక్కనే ఉంటుంది కదా, దాని నెట్టు మీద అట్ట తీసేసి సొంత స్టాకులో కలిపి చూపిస్తారు. ఆ ధాన్యం సర్కారుది, మిల్లుది కాదు. దాన్ని బ్యాంకుకి తాకట్టు చూపించడానికి లేదు. అదే వారంలో సంస్థ వాళ్లు తనిఖీకి వస్తే ఒకే నెట్టుకి ఇద్దరు యజమానులు తేలతారు. మేనేజరు ఈ మాట ఇంకా అనలేదేమో, తక్కువైన 70 టన్నులు, అంటే 930 బస్తాలు కూడా కళ్లకి కనబడాల్సి వస్తే అంటాడు. నోటి మాటగా అన్నా సరే, ఆ పనికి మాత్రం చెయ్యి పెట్టొద్దు.

గోదారి గట్టు
కంపెనీ కాబట్టి సంవత్సరాఖరుకి ఆడిటరు ఇచ్చే కారో రిపోర్టులోనే దొరికిపోతుంది. బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంటు, పుస్తకం కలుస్తున్నాయా లేదా ఆడిటరు రాయాల్సిందే. ఇంక భయం దేనికి, సంవత్సరాఖరుకి మేనేజరే ఇరుక్కుంటాడు.

రామచంద్రపురం సీయే
సగం కరెక్టు గట్టు గారూ. ఆ క్లాజు వర్కింగ్ క్యాపిటల్ లిమిట్లు మొత్తం కలిపి 5 కోట్లు దాటితేనే. వీళ్ల లిమిట్ 2 కోట్లని పైన రాశారు. ఇంకో సంగతి, ఇక్కడ పుస్తకంలో కూడా 1,000 టన్నులే ఉంచమంటున్నారు. పుస్తకం, స్టేట్‌మెంటు రెండూ తప్పే అయితే అవి చక్కగా కలుస్తాయి! ఆ క్లాజు పట్టుకునేది వాటి మధ్య తేడాని.

కంపెనీ కాబట్టి వర్తించేది ఇంకొకటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు చరిత్ర నమోదు కావాలి, దాన్ని ఆపెయ్యగలిగేలా ఉండకూడదు. దీనికి లిమిట్ ఎంత, టర్నోవర్ ఎంత అన్నది లేదు. భాగస్వామ్య సంస్థ అయితే ఈ నియమం లేదు. టాలీ ఎడిట్ లాగ్‌లో ఓచరు ఎప్పుడు మారింది, ఏ యూజర్ పేరుతో మారింది, ముందు ఎంత, తర్వాత ఎంత అన్నీ ఉంటాయి. మీరు అడగాల్సింది అదే: ఆఫీసులో టాలీ ఎవరి యూజర్‌తో తెరుస్తున్నారు?

మండపేట లెక్కలు
నా యూజర్‌తోనే. పాస్‌వర్డు మేనేజరు గారికీ, డిస్పాచ్ అబ్బాయికీ కూడా తెలుసు. బ్యాంకు పోర్టల్లో స్టేట్‌మెంటు ఎక్కించేది నేను, ఓకే చేసేది ఆయన.

రామచంద్రపురం సీయే
అయితే ముందు ఆ పాస్‌వర్డు ఇవాళే మార్చండి. కారణం చెప్పక్కర్లేదు, "ఆడిటరు గారు విడివిడిగా యూజర్లు పెట్టమన్నారు" అంటే చాలు, ఏ ఆడిటరైనా అదే అంటాడు. మేనేజరుకి వేరే యూజరు ఇవ్వండి. ఆయన మార్చుకుంటే ఆయన పేరుతోనే మారుతుంది. మీరు ఏదీ దాచినట్టు కాదు, ఆపినట్టూ కాదు.

మీ మీదకి ఎంత వస్తుందన్న దానికి: లెక్కలు తప్పుగా రాయడం భారతీయ న్యాయ సంహితలో 344వ సెక్షన్. పాత ఐపీసీలో 477-ఏ. ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆ సెక్షన్ మొదలయ్యేదే గుమాస్తా, ఆఫీసరు, నౌకరు అన్న మాటలతో, యజమానితో కాదు. తెలిసి, మోసం చేసే ఉద్దేశంతో చేశారని రుజువు కావాలి. "పైవాడు చెప్పాడు" అన్నది శిక్ష తగ్గించడానికి పనికిరావచ్చు గానీ నేరం కాకుండా చెయ్యదు. 2 కోట్ల లిమిట్ సక్రమంగా నడుస్తున్నంత కాలం ఎవడూ ఈ సెక్షన్ తియ్యడు, అదీ నిజమే. ఖాతా మొండి బాకీ అయ్యి బ్యాంకు వాళ్లు పాత స్టేట్‌మెంట్లు తిరగేసిన రోజున తీస్తారు. అప్పటికి మేనేజరు ఇంకో మిల్లులో ఉంటాడు.

కాటా బాబు
సరేనండి, ఒప్పుకున్నాను. మరి నిజం రాస్తే డ్రాయింగ్ పవర్, అంటే స్టాకుని బట్టి బ్యాంకు వాడుకోనిచ్చే మొత్తం, పడిపోతుందిగా? 930 టన్నులు పెట్టి లెక్క కట్టాను. 9,302 క్వింటాళ్లు, 2,369 చొప్పున 2.20 కోట్లు. నాలుగో వంతు మార్జిన్ పోతే 1.65 కోట్లు. వాడకం 1.70. అంటే దగ్గర దగ్గర 5 లక్షలు ఎక్కువ వాడినట్టు. రేపే బ్యాంకు ఫోను చేస్తుంది, ఓనరు మేనేజర్ని కాదు ఈయన్నే తిడతాడు.

రామచంద్రపురం సీయే
మంచి ప్రశ్న వేశారు, ఈ చర్చలో అసలు కీలకం ఇదే. పరిమాణం తగ్గింది గానీ ఆ ధాన్యానికి పెట్టిన డబ్బు తగ్గలేదు కదా. మీరు 14 శాతం ధాన్యానికి కూడా పచ్చి ధాన్యం ధర వేశారు.

స్టాకు విలువ కట్టే పద్ధతిలో మామూలుగా వచ్చే తగ్గుదలని మిగిలిన సరుకు ధరలో కలపాలి. అసాధారణంగా వచ్చింది మాత్రం నష్టంలోకి రాయాలి. 17 నుంచి 14కి ఆరడం మామూలు తగ్గుదల. 17 పైన కోత వెయ్యకుండా కొనడం వల్ల వచ్చింది అసాధారణం. మొత్తం పెట్టుబడి 2,36,90,000 రూపాయలు. మామూలుగా అయితే చేతికి రావాల్సింది 9,651 క్వింటాళ్లు. భాగిస్తే క్వింటాలు సుమారు రూ. 2,455. ఇప్పుడు ఉన్న 9,302 క్వింటాళ్లని ఈ ధరకి కట్టండి: 2.28 కోట్లు. మార్జిన్ పోగా 1.71 కోట్లు. వాడకం 1.70.

అంటే నిజమైన పరిమాణం రాసి, సరైన ధర వేస్తే డ్రాయింగ్ పవర్ సరిపోతుంది. లక్ష పైచిలుకు మిగులుతుంది కూడా. అబద్ధం ఆడాల్సిన అవసరమే లేని చోట అబద్ధం ఆడమంటున్నారు.

మిగిలిన 349 క్వింటాళ్లు, అదే ధరకి సుమారు 8.57 లక్షలు, లాభనష్టాల ఖాతాలో కొనుగోలు నష్టంగా కనబడుతుంది. మేనేజరు గారి భయం బ్యాంకు గురించి కాదు, ఆ ఒక్క లైను గురించి.

పాలకొల్లు పెద్దాయన
ఒక్క అడ్డం ఉందండి. బ్యాంకు శాంక్షన్ లెటర్లో "కొన్న ధర లేదా మార్కెట్ ధర, ఏది తక్కువైతే అది" అని ఉంటుంది. ఫీల్డ్ ఆఫీసరు మద్దతు ధరకి పైన ఒప్పుకోకపోవచ్చు. కొందరు ఆఫీసర్లకి 2,369 తప్ప ఇంకో అంకె తెలియదు.

రామచంద్రపురం సీయే
ఒప్పుకుంటాను, అది ఆఫీసరుని బట్టి ఉంటుంది. వాదన మాత్రం గట్టిదే. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర 17 శాతం తేమ వరకు ఉన్న ధాన్యానికి. అదే ధాన్యం 14కి ఆరితే 2,369 × 86 ÷ 83, మళ్లీ 2,455 దగ్గరికే వస్తుంది. ఈ లెక్క ఒక పేజీలో రాసి స్టేట్‌మెంటుకి జత చెయ్యండి, తేమ రిజిస్టరు సారాంశం, డ్రయ్యర్ లాగ్ కూడా కలపండి. ఒప్పుకోకపోతే ఐదు లక్షల లోటు పూడ్చాలి. అప్పుడు బియ్యం తెగనమ్మొద్దు, అమ్మితే స్టాకు కూడా తగ్గి డ్రాయింగ్ పవర్ మళ్లీ పడుతుంది. 90 రోజులు దాటిన పాత బాకీలు వసూలు చెయ్యండి. అవి మామూలుగా డ్రాయింగ్ పవర్లో లెక్కలోకే రావు కాబట్టి వచ్చిన రూపాయి అంతా కలిసొస్తుంది.

గోదారి గట్టు
మరి మేనేజరుకి ఏం చెప్పాలి? "నేను చెయ్యను" అంటే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు. మిల్లుల్లో అపాయింట్‌మెంట్ లెటర్లు ఎవరికున్నాయి గనక. విజిల్ బ్లోయర్ ఏర్పాటు ఏదైనా ఉంటుందా?

రామచంద్రపురం సీయే
కంపెనీల చట్టంలో ఉన్న ఆ ఏర్పాటు లిస్టెడ్ కంపెనీలకి, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవాటికి, బ్యాంకు అప్పు 50 కోట్లు దాటినవాటికి. ఇక్కడ రాదు. అందుకే కాగితమే దిక్కు.

చెయ్యను అనొద్దు. సరైన లెక్కతో స్టేట్‌మెంటు తయారు చేసి, ఎక్కించకుండా ఆయనకి మెయిల్ చెయ్యండి. మాటలు ఇలా ఉంటే చాలు: "సర్, కాటా ప్రకారం 930.2 టన్నులు, తేమ తగ్గుదల లెక్క జత చేశాను. 1,000 టన్నులు చూపించాలన్నారు కదా, దానికి ఆధారం ఏది జత చెయ్యాలో చెప్పండి." ఇందులో నింద లేదు. ఆయన జవాబిస్తే ఆదేశం కాగితం మీదకి వస్తుంది. ఇవ్వకపోతే మీరు అడిగినట్టు ఉంటుంది. ఆ మెయిల్ దాచుకోండి. టాలీ డేటా, రిజిస్టరు మాత్రం ఇంటికి పట్టుకుపోవద్దు, ఫొటోలు కూడా తియ్యొద్దు. కంపెనీ కాగితాలు దొంగిలించారని తిప్పి కేసు పెట్టడానికి అదే సందు.

పాలకొల్లు పెద్దాయన
ఫొటోల మాట దగ్గర నేను ఒప్పుకోనండి. రేపు రిజిస్టరు కాల్చేసి కొత్తది పెడితే ఈ అబ్బాయి దగ్గర ఏం మిగులుతుంది? తను చేత్తో రాసిన పేజీ ఒక్కటైనా ఉండాలి. మీరు పట్నంలో కూర్చుని చెబుతారు, మిల్లు గోడల మధ్య సంగతి వేరు.

రామచంద్రపురం సీయే
పెద్దాయన గారూ, అందుకే ఆ సారాంశం మెయిల్లో జత చెయ్యమన్నది. ఆఫీసు పనిలో భాగంగా, ఆఫీసు మెయిల్లోనే, తేదీతో ఉండిపోతుంది. సొంత ఫోన్లో ఫొటో కంటే దానికే బలం ఎక్కువ. అయినా మీ భయం అర్థమైంది, ఇందులో నేను చెప్పిందే వేదం అనను.

కాటా బాబు
ఓనరు గారికి నేరుగా చెప్పేస్తే పోలా? డబ్బు ఆయనదే కదా.

పాలకొల్లు పెద్దాయన
ఓనరుకి తెలియదని ఎలా అనుకున్నావు బాబూ. మద్దతు ధరకి పచ్చి ధాన్యం కొనమన్నది ఆయనే అయితే? రైతుల్లో సగం మంది ఆయన ఊరివాళ్లే అయ్యుంటారు, తేమ కోత వేస్తే ఊళ్లో మాట పడాలి. ముందు మెయిల్ మేనేజరుకే పెట్టు, ఓనరుకి కాపీ వద్దు. జవాబు చూశాక ఆలోచించు.

గోదారి గట్టు
నేనైతే మొదటి మెయిల్‌కే కాపీ పెట్టేస్తాను. రెండోసారి పెడితే చాడీ అంటారు, మొదటిసారైతే పద్ధతి అంటారు.

మండపేట లెక్కలు
పాస్‌వర్డు మార్చాను, మేనేజరు గారికి వేరే యూజరు చేశాను. శాంక్షన్ లెటర్ తీసి చూశాను, పెద్దాయన గారు చెప్పినట్టే "ఏది తక్కువైతే అది" అని ఉంది, మార్కెట్ ధర ఎక్కడిది తీసుకోవాలో రాయలేదు. 90 రోజులు దాటిన బాకీలు రెండు పార్టీల దగ్గర కలిపి ఆరు లక్షల చిల్లర ఉన్నాయి. 930.2 టన్నులతో స్టేట్‌మెంటు, తేమ లెక్క పేజీ రెండూ తయారయ్యాయి. మెయిల్ రేపు పొద్దున్నే మేనేజరు గారికి పంపుతున్నాను. ఓనరుకి కాపీ సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఒక్క సందేహం మిగిలింది సీయే గారూ: తేమ మీటరు తప్పు చూపించిందని, నిజంగా 17 మాత్రమే ఉందని ఆయన అంటే?

రామచంద్రపురం సీయే
అలా అంటే కాటా చీటీలు తియ్యండి. లోపలికి వచ్చిన బరువు 1,000, ఆరాక బరువు 930.2, ఆరాక తేమ 14. ఈ మూడూ ఉంటే మొదటి తేమ ఎంతో వెనక్కి లెక్క కట్టొచ్చు, మీటరు అక్కర్లేదు. 930.2 × 86 ÷ 1000 చేస్తే ఎండు పదార్థం 80 శాతం. 17 నిజమైతే 83 రావాలి. ఒకటి మాత్రం చూసుకోండి. డ్రయ్యర్ నుంచి దిగిన వేడి ధాన్యానికి అక్కడికక్కడే మీటరు పెడితే అంకె నమ్మడానికి లేదు. చల్లారాక, వేరువేరు నెట్ల నుంచి నమూనాలు తీసి మళ్లీ కొలిచి ఆ 14ని ఖాయం చేసుకోండి. మీ లెక్కంతా దాని మీదే నిలబడింది.